జీఎస్టీ వసూళ్ల మోడల్‌లో ఏప్రిల్ 2020: షాక్ ఎక్కడ, బ్రేక్ ఎక్కడ

ప్రశ్న: ఆగస్టు 2017 నుంచి మార్చి 2025 దాకా నెలవారీ జీఎస్టీ వసూళ్లు తీసుకుని సారిమా మోడల్ కట్టాను. ఏప్రిల్ 2020 దగ్గర చౌ టెస్ట్ చేస్తే బ్రేక్ ఉందని వచ్చింది. అంటే 2020కి ముందు డేటా అంతా తీసేయాలా? లేక ఒక డమ్మీ పెడితే సరిపోతుందా? ఫోర్‌కాస్ట్ రేంజ్ మరీ వెడల్పుగా వస్తోంది, వచ్చే నెలకే పనికిరావట్లేదు. పీజీ ప్రాజెక్ట్ అండి, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పగలరు.

సమాధానం:

పాత డేటా తీసేయకండి. ఏప్రిల్ 2020 నుంచి చివరిదాకా 1 ఉండే డమ్మీ కూడా పెట్టకండి. మీ సిరీస్‌లో రెండు వేర్వేరు సంగతులు జరిగాయి. చౌ టెస్ట్ ఆ రెండింటినీ కలిపి ఒకే జవాబు ఇచ్చింది. ముందు వాటిని విడదీద్దాం, అప్పుడు ఏ మందు దేనికో తేలుతుంది.

షాక్ తగిలిన సిరీస్ మూడు రకాలుగా ప్రవర్తించవచ్చు. ఒకటి, రెండు మూడు నెలలు పడిపోయి మళ్లీ తన దారికి రావడం. దీన్ని పల్స్ అంటాం. రెండు, ఒక మెట్టు కిందికో పైకో మారి అక్కడే ఉండిపోవడం, అంటే లెవెల్ షిఫ్ట్. మూడు, ఎదుగుదల వేగమే మారిపోవడం, అంటే స్లోప్ మార్పు. స్ట్రక్చరల్ బ్రేక్ అనదగ్గవి చివరి రెండే, ఎందుకంటే వాటిలో మోడల్ కోఎఫిషియంట్లు నిజంగా మారతాయి. పల్స్‌లో కోఎఫిషియంట్లు మారవు, కొన్ని పరిశీలనలు మాత్రం మోడల్‌కి బయట పడతాయి. చౌ టెస్ట్‌కి ఈ తేడా తెలియదు. మీరు ఇచ్చిన తేదీకి అటూ ఇటూ ఒకే రిగ్రెషన్ సరిపోతుందా లేదా అన్నదొక్కటే అది చూస్తుంది.

ఇప్పుడు అంకెలు చూడండి. ప్రభుత్వం తర్వాత సవరించిన నెలలు ఉన్నాయి కాబట్టి గుండ్రంగా చెబుతాను. ఏప్రిల్ 2019లో దాదాపు 1 లక్షా 14 వేల కోట్లు వచ్చింది. ఏప్రిల్ 2020లో 32 వేల కోట్లు. మేలో 62 వేలు, జూన్‌లో 91 వేలు, జులైలో 87 వేలు, ఆగస్టులో 86 వేలు, సెప్టెంబర్‌లో 95 వేలు. అక్టోబర్‌లో 1 లక్షా 5 వేల కోట్లు, మార్చి 2021లో 1 లక్షా 24 వేల కోట్లు.

ఈ వరుసలో జూన్ 91 వేలు, జులై 87 వేలు అన్న చోట ఆగండి. కోలుకుంటున్న సిరీస్ మధ్యలో ఎందుకు వెనక్కి తగ్గింది? ఒక నెలలో దేశీయంగా వసూలయ్యే పన్నులో చాలా భాగం అంతకు ముందు నెల అమ్మకాల మీదిది, ఎందుకంటే రిటర్న్ తర్వాతి నెలలో వేస్తారు. దానికి తోడు లాక్‌డౌన్ వల్ల ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ రిటర్నులకు గడువు సడలించారు. అలా ఆగిపోయిన డబ్బులో కొంత జూన్‌లో వచ్చి చేరింది. కాబట్టి ఏప్రిల్ అంకె నిజమైన వ్యాపారం కంటే తక్కువ చూపిస్తుంది, జూన్ అంకె ఎక్కువ చూపిస్తుంది. ఈ సంగతి సిరీస్‌లో ఎక్కడా రాసి ఉండదు. ఏ టెస్టు మొదలుపెట్టే ముందైనా ఆ డేటా ఎలా పుడుతుందో, ఆ నెలల్లో నియమం ఏమైనా మారిందో చూడమని విద్యార్థులకు నేను పట్టుబట్టి చెప్పేది ఇందుకే. గడువు మార్పును ఆర్థిక పతనంగా లెక్కేస్తే టెస్ట్ ఎంత గొప్పదైనా ఫలితం తప్పుతుంది.

రెండు నెలలు ఎంత పని చేస్తాయో కూడిక, భాగహారంతోనే చూడవచ్చు. 2019-20 నెలవారీ సగటు దాదాపు 1 లక్షా 2 వేల కోట్లు. 2020-21 సగటు 95 వేల కోట్లకు కాస్త తక్కువ. రెండూ పక్కపక్కన పెడితే లెవెల్ 7 శాతం దిగిందని ఎవరైనా అంటారు. ఇప్పుడు ఏప్రిల్, మే తీసేసి మిగిలిన 10 నెలల సగటు కట్టండి: 1 లక్షా 4 వేల కోట్లు వస్తుంది. దిగడం మాట పోయి, కాస్త పెరిగినట్టు కనిపిస్తుంది. అంటే దిగిందా పెరిగిందా అన్న నిర్ణయం 92 నెలల్లో 2 నెలల చేతిలో ఉంది. మీ చౌ టెస్ట్ కూడా ఆ రెండు నెలల బరువు మోసింది. పైగా రెండు వైపులా ఎర్రర్ వేరియన్స్ సమానం అన్న ఊహ మీద చౌ టెస్ట్ నిలబడుతుంది. కుడి వైపున ఏప్రిల్, మే ఉన్నంతసేపు ఆ ఊహ నిలవదు.

ఇక రేంజ్ ఎందుకు వెడల్పయిందో చూద్దాం. మీరు వాడినది బహుశా లాగ్ తీసిన సిరీస్ మీద (0,1,1)(0,1,1) రకం అయి ఉంటుంది, నెలవారీ డేటాకి అందరూ మొదట ఎత్తుకునేది అదే. లాక్‌డౌన్ లేకపోతే ఏప్రిల్ 2020కి 4 శాతం పెరుగుదలతో 1 లక్షా 18 వేల కోట్లు వచ్చేదనుకుందాం. వచ్చింది 32 వేలు. లాగ్‌లో ఆ తేడా సుమారు మైనస్ 1.3. మామూలు నెలల్లో రెసిడ్యువల్ స్టాండర్డ్ డీవియేషన్ 0.05, అంటే 5 శాతం అనుకోండి. 32 మామూలు నెలలకు ఈ ఒక్క నెల కలిస్తే అది 0.23కి ఎగబాకుతుంది. 95 శాతం రేంజ్ అంతకు ముందు మధ్య అంచనాకు అటూ ఇటూ 10 శాతం ఉండేది. ఇప్పుడు కింద 0.64 రెట్లు, పైన 1.57 రెట్లు. లక్ష కోట్ల అంచనాకు 64 వేల నుంచి 1 లక్షా 57 వేల దాకా అన్నమాట. మీ దగ్గర 92 నెలలున్నాయి కాబట్టి ఇంత ఘోరంగా ఉండదు, కానీ మీ సమస్యకు మూలం ఇదే.

అంతకంటే ప్రమాదకరమైనది మధ్య అంచనా మీద పడే దెబ్బ, అది కంటికి వెంటనే కనబడదు. మూవింగ్ యావరేజ్ కోఎఫిషియంట్ 0.6 అనుకుంటే, ఈ మోడల్ ప్రతి షాక్‌లో 0.4 వంతును శాశ్వతమైన లెవెల్ మార్పుగా తీసుకుంటుంది. మైనస్ 1.3లో 0.4 వంతు మైనస్ 0.52. అంటే ఏప్రిల్ అంకె చూశాక వచ్చే నెలలన్నిటి అంచనా పాతదానిలో 60 శాతానికి పడిపోతుంది. మేకి ఆ లెక్కన 62 వేల కోట్లు వస్తుంది. అసలు వచ్చింది కూడా 62 వేలే! ఆ రోజు ఇది చూసినవాళ్లెవరైనా మోడల్ బాగా పట్టుకుందని మురిసిపోతారు. కానీ అదే మోడల్ జూన్‌కీ దాదాపు అదే స్థాయి చెబుతుంది, వచ్చింది 91 వేలు. పల్స్‌లో మొదటి నెల అంచనా కలిసిందంటే ఎక్కువసార్లు అది యాదృచ్ఛికమే.

సీజనల్ భాగంలో ఇదే కథ ఏడాది తర్వాత మళ్లీ వస్తుంది. సీజనల్ కోఎఫిషియంట్ కూడా 0.6 అయితే, ఏప్రిల్ 2020 షాక్‌లో ఇంకో 0.4 వంతు ఏప్రిల్ 2021 మీద అదనంగా పడుతుంది. మొత్తం కలిపితే ఏప్రిల్ 2021 అంచనా షాక్ లేనప్పటి దానిలో 35 శాతమే. మధ్యలో వచ్చిన నెలలు లెవెల్‌ని సరిచేస్తాయి గానీ, ఏప్రిల్ అంటే తక్కువ వచ్చే నెల అన్న తప్పుడు జ్ఞాపకాన్ని చెరపలేవు. ఏప్రిల్ 2021లో నిజానికి వచ్చింది దాదాపు 1 లక్షా 40 వేల కోట్లు. ఆర్థిక సంవత్సరం ముగింపు అమ్మకాల వల్ల ఏప్రిల్ మామూలుగా ఏడాదిలోకెల్లా పెద్ద నెల. ఆ సీజనల్ గుర్తును పల్స్ తలకిందులు చేసింది. మీ మోడల్ రెసిడ్యువల్స్ ప్లాట్ గీసి ఏప్రిల్ 2021 దగ్గర చూడండి. అక్కడ పెద్ద ప్లస్ రెసిడ్యువల్ ఉంటే ఏడాది ముందరి పల్స్ మోడల్‌లోకి కారిందని అర్థం. హోల్ట్-వింటర్స్ స్మూతింగ్ పద్ధతి వాడినా ఇదే జరుగుతుంది.

ఇప్పుడు టెస్ట్ సంగతి. చౌ టెస్ట్ 1960 నాటిది. తేదీ ముందే, డేటా చూడకుండా తెలిసినప్పుడే అది న్యాయంగా పనిచేస్తుంది. గ్రాఫ్ చూసి ఎక్కడ వంగిందో అక్కడ తేదీ పెట్టి టెస్ట్ చేస్తే, ఎన్నో తేదీల్లోంచి పెద్దది ఏరుకున్నట్టే. ఏప్రిల్ 2020 లాక్‌డౌన్ తేదీయే కదా, చూసి ఎంచుకున్నది కాదు కదా అంటారేమో. అది షాక్ తేదీ. కోఎఫిషియంట్లు మారిన తేదీ కూడా అదేనని మీకు ఎవరూ చెప్పలేదు, అదే మనం తేల్చుకోవాలి.

తేదీ తెలియనప్పుడు చేసేది సుప్-ఎఫ్ టెస్ట్. ఇది క్వాండ్ట్ అనే ఎకనామెట్రీషియన్ ఆలోచన, ఆండ్రూస్ 1993లో దానికి పట్టిక ఇచ్చి 2003లో సవరించాడు. సిరీస్ మొదట్లో 15 శాతం, చివర్లో 15 శాతం వదిలి, మధ్యలో ప్రతి నెలనూ బ్రేక్ తేదీగా పెట్టి ఎఫ్ విలువ కట్టి, వాటిలో పెద్దదాన్ని చూస్తాం. పెద్దదాన్ని ఏరుకున్నాం కాబట్టి హద్దు కూడా పెరగాలి. ఒకే కోఎఫిషియంట్ మారిందా అని అడిగితే, తేదీ ముందే తెలిస్తే 5 శాతం స్థాయిలో హద్దు 3.84. తేదీ వెతికితే 8.68. 3.84కీ 8.68కీ మధ్య పడే విలువలు చూపి బ్రేక్ దొరికిందని రాసిన ప్రాజెక్టులు చాలానే కనిపిస్తాయి. మీదీ చూసుకోండి. మీ మోడల్‌లో కాలధోరణి ఉంటే ఈ పట్టిక అచ్చంగా వర్తించదు. అక్కడ పీ విలువ హద్దు దగ్గర్లో ఉంటే బ్రేక్ లేని సిరీస్‌లను సిమ్యులేట్ చేసి మీ సొంత హద్దు కట్టుకోవడం మంచిది.

పల్స్ నెలల్ని టెస్ట్ నుంచి తప్పించడానికి డమ్మీలు పెట్టాలని అందరికీ తోస్తుంది. బ్రేక్ వెతికే ప్రోగ్రాముల్లో అది పేచీ పెడుతుంది. అవి సిరీస్‌ని ముక్కలు చేసి ఒక్కో ముక్కకీ రిగ్రెషన్ వేస్తాయి. ఏప్రిల్ 2020 లేని ముక్కలో ఆ డమ్మీ కాలమ్ అంతా సున్నాలే, దాని కోఎఫిషియంట్ లెక్కకు రాదు. అందుకని ఆ వరుసలనే తీసేయండి, కాల సూచిక మాత్రం అసలుదే ఉంచండి. గత నెలల విలువలు వేరియబుల్స్‌గా లేని రిగ్రెషన్‌లో పల్స్ డమ్మీ పెట్టినా, వరుస తీసేసినా మిగతా కోఎఫిషియంట్లు ఒక్కలాగే వస్తాయి. ఆగస్టు 2017ని 1 అనుకుంటే ఏప్రిల్, మే 2020 అంటే 33, 34. కరోనా రెండో అల తగిలిన మే, జూన్ 2021 అంటే 46, 47.

```r
library(strucchange)
d  <- data.frame(y = log(as.numeric(gst_sa)),
                 t = seq_along(gst_sa))
d2 <- d[-c(33, 34, 46, 47), ]

fs <- Fstats(y ~ t, data = d2, from = 0.15)
sctest(fs, type = "supF")

bp <- breakpoints(y ~ t, data = d2, h = 0.15)
summary(bp)
confint(bp)
```

ఇక్కడ `gst_sa` అంటే సీజనల్ ప్రభావం తీసేసిన సిరీస్. తీయకపోతే ప్రతి ఏప్రిల్ ఎగుడూ ఒక చిన్న బ్రేక్‌లా అల్లరి చేస్తుంది. తీసేటప్పుడు `stl` వాడితే `robust = TRUE` పెట్టండి, లేదంటే నేను పైన చెప్పిన తప్పుడు ఏప్రిల్ సీజనల్ భాగంలోకే చేరిపోతుంది. `breakpoints` చేసేది బాయ్-పెరాన్ పద్ధతి. ఒకటి కంటే ఎక్కువ బ్రేకులు ఉండొచ్చని ఒప్పుకుని, ఎన్ని ఉన్నాయో బీఐసీ అనే కొలతతో తేలుస్తుంది. ఫలితంలో వచ్చే సంఖ్య `d2` వరుస నంబర్. తీసేసిన నెలలు కలిపి లెక్కేసుకుని గానీ తేదీ రాయకండి. ఒక నెల రెసిడ్యువల్ తర్వాతి నెలతో ముడిపడి ఉంటే ఈ టెస్టులు లేని బ్రేకులు చూపిస్తాయి. అందుకే బ్రేకులు పెట్టాక మిగిలిన రెసిడ్యువల్స్ ఆటోకోరిలేషన్ తప్పనిసరిగా చూడండి. అది బలంగా ఉంటే, బీఐసీ ఇచ్చిన వాటిలో కారణం చెప్పగలిగిన బ్రేకునే నమ్మండి.

ఫలితంలో అన్నిటికంటే విలువైనది `confint` ఇచ్చే వెడల్పు. లెవెల్ షిఫ్ట్ అయితే తేదీ ఒకటి రెండు నెలల తేడాతో దొరుకుతుంది. స్లోప్ మారితే వంపు నెమ్మదిగా తెలుస్తుంది, కాబట్టి నెలల తరబడి వెడల్పు వస్తుంది. వెడల్పు వచ్చిందని కంగారుపడొద్దు, ఆ తేదీ మీద ఆధారపడి గొప్ప కథ మాత్రం అల్లొద్దు.

పల్స్ తీసేశాక అసలు బ్రేక్ ఎక్కడ ఉందో చేత్తోనే ఉజ్జాయింపుగా పట్టుకోవచ్చు. లాక్‌డౌన్‌కి ముందు వార్షిక పెరుగుదల దాదాపు 4 శాతం: 2018-19లో 11.77 లక్షల కోట్లు, 2019-20లో 12.22 లక్షల కోట్లు. అక్టోబర్ 2019 నుంచి మార్చి 2020 దాకా ఆరు నెలలు తీసుకుని, ఏడాది తర్వాతి అవే ఆరు నెలలతో పోల్చండి: 11 శాతం దాకా ఎక్కువ. రెండేళ్ల తర్వాతి అవే ఆరు నెలలతో పోలిస్తే 31 శాతం ఎక్కువ, అంటే ఏడాదికి 14 శాతం పైన. ఇక్కడ 2020 వేసవిని ఎక్కడా ఆధారంగా తీసుకోలేదు కాబట్టి పడిన అడుగు నుంచి లేచినట్టు కనిపించే భ్రమ ఇందులో లేదు. సిరీస్ పాత దారికి తిరిగి రాలేదు, దాన్ని దాటి వేరే వేగంతో పోయింది. 2021-22 మొత్తం దాదాపు 14.8 లక్షల కోట్లు. పాత 4 శాతం లెక్కన అయితే 13.2 దగ్గర ఆగేది.

ఈ వేగానికి కారణాలు లాక్‌డౌన్‌లో లేవు. ఈ-ఇన్‌వాయిస్ 1 అక్టోబర్ 2020న 500 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లకు తప్పనిసరి అయింది. జనవరి 2021లో ఆ గీత 100 కోట్లకు, ఏప్రిల్ 2021లో 50 కోట్లకు, ఏడాది తర్వాత 20 కోట్లకు దిగింది. ఏప్రిల్ 2021 నుంచి టోకు ధరల ద్రవ్యోల్బణం ఏడాదికి పైగా రెండంకెల్లో ఉంది. పన్ను ధర మీద పడుతుంది కాబట్టి వసూళ్లు దానితో పాటే లేచాయి. అందుకే ఏప్రిల్ 2020లో పల్స్, 2020 చివర్లో మొదలై 2021 పొడుగునా సాగిన స్లోప్ మార్పు అని రెండుగా రాయమంటున్నాను. మీరు ఏప్రిల్ 2020 దగ్గర ఒక్క చౌ టెస్ట్ పెట్టినప్పుడు పడిపోవడాన్నీ, తర్వాత పరుగెత్తడాన్నీ ఒకే బ్రేక్ ఖాతాలో వేశారు.

ఇప్పుడు మోడల్ సరిచేయడం. 2020కి ముందు డేటాని ఎందుకు ఉంచమన్నానంటే, మారింది వేగం, సీజనల్ రూపం కాదు. మార్చి అమ్మకాల వల్ల ఏప్రిల్ పెరగడం 2018లోనూ ఉంది, 2023లోనూ ఉంది. నెలనెలా ప్రభావాలకి పాత 32 నెలల సాయం కావాలి. పాతది తీసేస్తే ఒక్కో నెలకి నాలుగైదు పరిశీలనలే మిగులుతాయి, అందులో రెండేళ్లు కరోనావే. కాబట్టి సీజనల్ భాగాన్ని మొత్తం సిరీస్ నుంచి నేర్చుకోనివ్వండి, పల్స్ నెలలకు మాత్రం డమ్మీలు పెట్టండి. సారిమాలో సిరీస్‌ని ముక్కలు చేయం కాబట్టి ఇక్కడ డమ్మీలు ఏ పేచీ పెట్టవు. కింద `gst` అంటే `ts`లో `frequency = 12` పెట్టిన అసలు నెలవారీ సిరీస్.

```r
library(forecast)
i  <- seq_along(gst)
xr <- cbind(apr20 = as.numeric(i == 33),
            may20 = as.numeric(i == 34),
            w2    = as.numeric(i %in% 46:47))
fit <- Arima(log(gst), order = c(0,1,1),
             seasonal = c(0,1,1), xreg = xr)
fx  <- matrix(0, 12, 3, dimnames = list(NULL, colnames(xr)))
fc  <- forecast(fit, xreg = fx)
```

ఏప్రిల్‌కీ మేకీ వేర్వేరు డమ్మీలు ఎందుకంటే దెబ్బ పరిమాణాలు వేరు. జూన్ 2020కి నేను డమ్మీ పెట్టను. అక్కడ బకాయిల రాక, వ్యాపారం తగ్గుదల రెండూ ఒకదాన్నొకటి కొంత కొట్టేసుకున్నాయి. కుదిరినంత తక్కువ డమ్మీలతో సరిపెట్టుకోవాలి, రెసిడ్యువల్ పెద్దగా ఉన్న ప్రతి నెలకీ ఒకటి పెడితే రేంజ్ ముచ్చటగా ఇరుకవుతుంది గానీ అది అబద్ధం. లెవెల్ షిఫ్ట్ డమ్మీ అక్కర్లేదు. తేడాలు తీసిన మోడల్ కొత్త లెవెల్‌కి కొన్ని నెలల్లో తనంతట తానే సర్దుకుంటుంది. పల్స్ డమ్మీలు పెట్టాక మూవింగ్ యావరేజ్ కోఎఫిషియంట్లు ఎంత మారాయో ముందరి వాటితో పోల్చి రిపోర్ట్‌లో చూపించండి. ఆ రెండు నెలలు వాటిని ఎంత లాగాయో అక్కడే తెలుస్తుంది.

స్లోప్ దగ్గర అసలు జాగ్రత్త కావాలి. కొత్త వేగం దొరికింది కదా అని దాన్నే ముందుకు పొడిగించడం సులువు. 2022-23లో 18.1 లక్షల కోట్లు, అంతకు ముందు ఏడాది కంటే 22 శాతం ఎక్కువ. అదే వేగం పొడిగిస్తే 2023-24కి 22 లక్షల కోట్లు వస్తుంది. వచ్చింది 20.2. ఆ 22 లక్షల కోట్లకు చేరింది 2024-25లో, 22.1. అంటే అంచనా ఒక ఏడాది ముందుకు పరుగెత్తింది. ధరల వేగం తగ్గింది, ఈ-ఇన్‌వాయిస్ వల్ల కొత్తగా లెక్కలోకి వచ్చే వ్యాపారం ఒకసారి వచ్చాక ప్రతి ఏటా మళ్లీ కొత్తగా రాదు. బ్రేక్ తర్వాతి డేటా మీద మాత్రమే మోడల్ కట్టమనే సలహాలో ఉన్న లోపం ఇదే: బ్రేక్ తర్వాత మొదటి రెండేళ్ల వేగం కొత్త శాశ్వత వేగం కాదు, సర్దుబాటు వేగం.

దీనికి నేను వాడేది సగటు. బ్రేక్ తేదీ ఖాయంగా తెలియనప్పుడు ఒకే విండో ఎంచుకోకుండా, జనవరి 2021 నుంచి ఒకటి, జులై 2021 నుంచి ఒకటి, 2022 నుంచి ఒకటి, మొత్తం సిరీస్‌తో ఒకటి ఇలా నాలుగైదు మొదళ్లతో ట్రెండ్ అంచనాలు కట్టి సగటు తీస్తాను. బ్రేక్‌కి ముందు డేటా కొంత కలిస్తే అంచనా కాస్త పక్కకు వాలుతుంది, కానీ ఊగిసలాట బాగా తగ్గుతుంది. ఈ లాభనష్టాల తూకాన్ని పెసరాన్, టిమ్మర్‌మన్ 2007లో లెక్కకట్టి చూపించారు, కొద్దిగా పాత డేటా ఉంచడం చాలాసార్లు లాభమే. మీ ప్రాజెక్టులో దీన్ని రోలింగ్‌గా పరీక్షించండి: మార్చి 2023 దాకా ఉన్న డేటాతోనే 2023-24 అంచనా కట్టి, ఒకే విండో ఎంత తప్పిందో సగటు ఎంత తప్పిందో పట్టిక వేయండి. గైడ్ గారు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

రేంజ్ గురించి ఒక మాట. పల్స్ నెలల్ని పక్కన పెట్టాక రేంజ్ ఇరుకవుతుంది, కోఎఫిషియంట్లు కట్టడానికి అది సరైన పనే. కానీ ఆ రేంజ్‌కి అర్థం ఏప్రిల్ 2020 లాంటిది రాకపోతే అని. లెంజా, ప్రిమిచేరి చేసిన పని ఈ విషయంలో చదవదగ్గది. ఆ నెలల్ని తీసేయకుండా, వాటికి వేరియన్స్ చాలా పెద్దదని మోడల్‌కే చెప్పి, దానికి తగ్గట్టు వాటి బరువు తగ్గించారు. మీ స్థాయికి డమ్మీ చాలు, కానీ ఆ షరతును రిపోర్ట్‌లో ఒక వాక్యంగా రాయండి.

ఇదంతా వెనక్కి తిరిగి చూసి చెబుతున్నది. జూన్ 2020 మొదట్లో కూర్చుని ఉంటే చేతిలో రెండు పడిపోయిన నెలలే ఉంటాయి, ఏ టెస్టూ పల్స్‌ని బ్రేక్‌నుంచి వేరు చేయలేదు. సుప్-ఎఫ్ చివరి 15 శాతాన్ని అసలు చూడనే చూడదు. ఆ సమయంలో బయటి సమాచారమే దిక్కు. జీఎస్టీకి అలాంటిది ఈ-వే బిల్లులు. ఏప్రిల్ 2020లో దేశం మొత్తం మీద అవి కోటి కూడా దాటలేదు, సెప్టెంబర్‌కి మళ్లీ ఐదున్నర కోట్లు దాటాయి. సరుకు కదిలిన నెలలోనే బిల్లు, దాని పన్ను తర్వాతి నెలలో, కాబట్టి ఒక నెల ముందే చూపు దొరుకుతుంది. అప్పుడు చేయదగ్గ సవరణ కూడా సరళమైనదే: షాక్‌కి ముందరి మోడల్ అంచనా తీసుకుని, గత రెండు మూడు నెలల తప్పుల సగటులో సగం దానికి కలపండి. ఈ-వే బిల్లులు కోలుకుంటుంటే ఆ సగాన్ని ప్రతి నెలా తగ్గించుకుంటూ పోండి, కోలుకోకపోతే పూర్తిగా కలపండి. కొత్త నెలలు వచ్చినప్పుడు తప్పులన్నీ ఒకే గుర్తుతో వరుసగా వస్తున్నాయా అని చూస్తూ ఉండండి. వరుసగా ప్లస్సే వస్తుంటే పల్స్ ముగిసి స్లోప్ మారిందని అనుమానించాలి.

మీ డేటా మార్చి 2025తో ఆగింది, ముందుకు పొడిగిస్తే ఇంకో బ్రేక్ ఎదురవుతుంది. దాని తేదీ మాత్రం ముందే తెలిసినది: 22 సెప్టెంబర్ 2025 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి, చాలా వస్తువుల మీద పరిహార సెస్ పోయింది. ఇక్కడ వెతకాల్సిన పని లేదు, డమ్మీ నేరుగా పెట్టవచ్చు, కానీ సెప్టెంబర్‌కి 1 పెట్టకండి. సెప్టెంబర్‌లో కొత్త రేట్లు నడిచింది 9 రోజులే, ఆ అమ్మకాల పన్ను వచ్చేది అక్టోబర్‌లో. అక్టోబర్‌కి 0.3, నవంబర్ నుంచి 1. దిగుమతుల మీద ఐజీఎస్టీ అదే నెలలో వసూలవుతుంది కాబట్టి దేశీయ వసూళ్లనీ దిగుమతి వసూళ్లనీ రెండు సిరీస్‌లుగా విడదీసి, దిగుమతి సిరీస్‌కి సెప్టెంబర్‌లో 0.3, అక్టోబర్ నుంచి 1 పెట్టండి. సెస్‌ని రెంటిలోంచీ ముందే తీసేసి మొదలుపెట్టండి.